మెయిల్లో ‘అండి’ ఎక్కడ పెట్టాలి?

ఆరో తరగతిలోనో ఏడో తరగతిలోనో ఇంగ్లీషు మాస్టారు మన చేత ఒక లీవ్ లెటర్ బట్టీ పట్టించి ఉంటారు. మీది గుంటూరైనా, కరీంనగరైనా, కడపైనా ఆ లెటరు మాత్రం ఇంచుమించు ఒకటే. ‘రెస్పెక్టెడ్ సర్’ అని మొదలవుతుంది. జ్వరమొచ్చిందని ఒక ముక్క. ఆ వెంటనే రెండు రోజులు సెలవు ఇప్పించమంటూ ‘ఐ హంబ్లీ రిక్వెస్ట్ యూ టు కైండ్లీ గ్రాంట్ మీ’ అని ఒక సాష్టాంగం. చివర్లో ‘థాంకింగ్ యూ సర్, యువర్స్ ఒబీడియంట్లీ’. జ్వరం సంగతి దేవుడెరుగు, వినయం మాత్రం నూట నాలుగు డిగ్రీలుండేది.

మనలో చాలామంది ఇంగ్లీషులో రాసిన మొదటి ఉత్తరం అదే. కొందరికి ఉద్యోగంలో చేరేదాకా అదే ఆఖరిది కూడా. అందుకే ముప్పై అయిదేళ్లు వచ్చి, మాదాపూర్లో పది మందికి టీమ్ లీడ్ అయి, ఒహాయోలో ఉన్న క్లయింటుకి మెయిల్ రాయాల్సి వచ్చినప్పుడు కూడా చెయ్యి తనంతట తానే ఆ జ్వరం ఉత్తరం వైపే పోతుంది.

ఆఫీసుల్లో కుర్రాళ్లు మెయిల్ పంపేముందు పెద్దవాళ్ల దగ్గరికొచ్చి ‘సార్, ఒకసారి చూడండి’ అని అడగడం మామూలే. అలా చూసీ చూసీ నాకు ఒక సంగతి తెలిసొచ్చింది. మన మెయిళ్లు మరీ అణిగిమణిగి ఉంటాయని అందరూ అంటారు కదా, అది సగమే నిజం. మొదలూ చివరా కాళ్ల మీద పడతాయి, నిజమే. మధ్యలో పని చెప్పే చోట మాత్రం హుకుం జారీ చేస్తాయి. రాసినవాడికి ఆ రెండూ తెలియవు.

ఒక నమూనా చూపిస్తాను. ఒహాయోలో క్లయింటు తరఫున పెద్ద ఆర్కిటెక్టు ఒకాయన ఉన్నారు. పేరు మైకేల్ అనుకుందాం. హైదరాబాద్ నుంచి మన కుర్రాడు ఎనిమిది పేజీల డిజైన్ నోటు తయారు చేశాడు. శుక్రవారం కోడింగ్ మొదలుపెట్టాలి, ఈలోగా ఆయన ఆ నోటు చూసి సరేననాలి. కుర్రాడు ఇలా రాశాడు.

‘రెస్పెక్టెడ్ మైకేల్ సర్, గ్రీటింగ్స్ ఆఫ్ ద డే. హోప్ దిస్ మెయిల్ ఫైండ్స్ యూ ఇన్ ద బెస్ట్ ఆఫ్ హెల్త్. అండర్ యువర్ ఏబుల్ గైడెన్స్ వుయ్ హావ్ కంప్లీటెడ్ ద డిజైన్ డాక్యుమెంట్. కైండ్లీ రివ్యూ ద సేమ్ అండ్ రివర్ట్ బ్యాక్ బై ఈఓడీ థర్స్‌డే. ప్లీజ్ డు ద నీడ్‌ఫుల్. సారీ ఫర్ ద ట్రబుల్. థాంకింగ్ యూ ఇన్ యాంటిసిపేషన్.’

మైకేల్ వైపునుంచి చదవండి. మొదటి మూడు వాక్యాల్లో ఆయన ఆరోగ్యం, ఆయన గొప్పతనం ఉన్నాయి. పని సంగతి ఇంకా రాలేదు. నాలుగో వాక్యంలో ఒక్కసారిగా ఎనిమిది పేజీలు చదివి గురువారానికల్లా జవాబివ్వాలని ఆజ్ఞ. అయిదో వాక్యం ఆ ఆజ్ఞనే ఇంకోసారి వేసింది. ఆరో వాక్యం దానికి క్షమాపణ. ఏడో వాక్యం, ఆయన ఒప్పుకోకముందే ఒప్పుకున్నట్టు లెక్కేసుకుని ధన్యవాదాలు చెప్పేసింది. ‘కాదు’ అనడానికి ఆయనకి ఎక్కడా సందు లేదు. ఇంత పొగిడి ఇంత ఇరికించడం రాసినవాడి ఉద్దేశమా? పాపం, కానే కాదు.

ఆ కుర్రాణ్ణే అడిగి చూడండి. ‘మైకేల్ తెలుగాయన అయ్యుండి, నీ పక్క క్యాబిన్లోనే ఉంటే ఏమని అడిగేవాడివి?’ అని. తడుముకోకుండా చెప్తాడు: ‘సార్, ఆ డిజైన్ నోటు వీలు చూసుకుని కాస్త చూసి చెప్తారా? శుక్రవారం కోడింగ్ మొదలుపెట్టాలండి.’

ఎంత బాగుందో గమనించారా? పొగడ్త లేదు, క్షమాపణ లేదు, ఆజ్ఞా లేదు. ప్రశ్నలా అడిగాడు. ఆయన వీలుని లెక్కలోకి తీసుకున్నాడు. పని బరువుని ‘కాస్త’ అని తగ్గించాడు. తెలంగాణ కుర్రాడైతే ‘జర’ అంటాడు, రాయలసీమ కుర్రాడైతే ‘రోంత’ అంటాడు, పని అదే. చివర్లో కారణం చెప్పాడు. ఇంతకంటే మర్యాదగా ఇంగ్లండ్ రాజుగారి ఆఫీసులో కూడా అడగలేరు.

అంటే మన తెలుగు మర్యాదని ఇంగ్లీషులోకి తేవడం వల్ల మెయిలు చెడిపోలేదన్నమాట. దాన్ని ఇంట్లోనే వదిలేసి, దాని బదులు జ్వరం ఉత్తరం తీసుకెళ్లడం వల్ల చెడింది.

ఆ ఉత్తరం పుట్టుక గురించి ఒక ముక్క. తెల్లవాళ్ల కాలంలో సర్కారు ఉత్తరాల చివర ‘ఐ హావ్ ద ఆనర్ టు బి, సర్, యువర్ మోస్ట్ ఒబీడియంట్ సర్వెంట్’ అని సంతకం పెట్టేవారు. కింది వాడు పైవాడికే కాదు, పైవాడు కిందివాడికీ అలాగే రాసేవాడు. కలెక్టరు దొరగారు రైతుకి రాసిన జవాబు కింద కూడా ‘మీ మిక్కిలి విధేయుడైన సేవకుడు’ అని ఉంటే దాన్ని ఎవరూ నమ్మరు కదా. అది అచ్చులో పోసిన ముగింపు, అంతే. కాలం మారింది, వాళ్లు దాన్ని మానేశారు. మన బడిపుస్తకాల్లో దాని తోక మిగిలిపోయింది. వాళ్లకి ఖాళీ మాటగా ఉన్నది మనం మనస్ఫూర్తిగా నేర్చుకున్నాం. ఆ మనస్ఫూర్తితనమే ఇప్పుడు చదివేవాళ్లకి ఇబ్బంది.

సరే, తెలుగు మాటనే తీసుకెళ్దామంటే అంతా దాటదు. ‘గారు’ దాటదు. ‘అండి’ దాటదు. ‘వచ్చారు, చెప్పారు’లో ఉన్న గౌరవం దాటదు. తెలుగులో మనిషి మీద గౌరవం క్రియలోనే ఉంటుంది. ప్రతి వాక్యం చివరా అది తప్పనిసరిగా పలుకుతుంది. ‘పంపించు’ వేరు, ‘పంపించండి’ వేరు. రెండోది ఆజ్ఞ రూపమే అయినా ఆ ‘అండి’ వల్ల మెత్తబడిపోయింది. ఇంగ్లీషులో ఆ రెంటికీ ఒకటే ‘సెండ్’. దాని ముందు ‘ప్లీజ్’ పెట్టినా ‘కైండ్లీ’ పెట్టినా అది హుకుమే, కాకపోతే పూలదండ వేసిన హుకుం. అమెరికాలో ‘కైండ్లీ’కి ఇంకో తంటా కూడా ఉంది. అపార్ట్‌మెంటు మేనేజరు గోడకంటించే నోటీసులోనో, లాటరీ తగిలిందనే దొంగ మెయిల్లోనో తప్ప వాళ్లకది పెద్దగా ఎదురుపడదు. మనకి ‘దయచేసి’ అనిపించేది వాళ్లకి ‘ఖబడ్దార్’ అనో ‘ఎవడో మోసగాడు’ అనో అనిపించే ప్రమాదముంది.

ఇక్కడే అసలు కిటుకుంది. పెనెలోపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు మర్యాద మీద ఒక పుస్తకం రాశారు, 1987లో వచ్చింది. వాళ్లు ముఖ్యంగా చూసిన మూడు భాషల్లో ఒకటి మన పక్కింటి తమిళం, అది కూడా పల్లెటూరి తమిళం. ఎదుటివాడిని ఏదైనా అడిగేటప్పుడు ఎంత మర్యాద వాడాలో మూడు సంగతుల్ని బట్టి ఉంటుందంటారు వాళ్లు. ఇద్దరి మధ్య దూరమెంత, ఎవరిది పైచేయి, అడుగుతున్న పని బరువెంత. ఏ భాషలోనైనా ఈ మూడూ ఉంటాయి. కానీ నేను చూసినంతలో తెలుగు ఆఫీసు మాటలో మొదటి రెండూ గట్టిగా వినిపిస్తాయి. పెద్దాయన దగ్గర పెన్ను అడిగినా ‘అండి’ తప్పదు, లక్ష రూపాయలు అడిగినా అదే ‘అండి’. ఇంగ్లీషు మెయిల్లో మూడోదే రాజు. బాస్ దగ్గరైనా పెన్ను కావాలంటే ‘కెన్ ఐ బారో యువర్ పెన్?’ చాలు. కింద పనిచేసేవాడే అయినా ఆదివారం రమ్మనాలంటే ‘వుడ్ యూ బి ఏబుల్ టు’ అంటూ నాలుగు మెట్లు దిగాలి. మనిషి ఎత్తుని కాదు, పని బరువుని చూసి మాట మెత్తబడుతుంది.

ఇది పట్టుబడితే మిగతాదంతా సులువు. ఆ మైకేల్ మెయిల్ మళ్లీ రాద్దాం.

‘హాయ్ మైకేల్, ద డిజైన్ నోట్ ఫర్ ద బిల్లింగ్ మాడ్యూల్ ఈజ్ అటాచ్డ్. కుడ్ యూ లుక్ ఎట్ సెక్షన్స్ 3 అండ్ 5 బై థర్స్‌డే నూన్, యువర్ టైమ్? దోజ్ ఆర్ ద టూ దట్ టచ్ యువర్ డేటాబేస్, అండ్ వుయ్ ప్లాన్ టు స్టార్ట్ కోడింగ్ ఆన్ ఫ్రైడే. ఇఫ్ థర్స్‌డే ఈజ్ టూ టైట్, లెట్ మి నో, అండ్ వుయ్ విల్ స్టార్ట్ విత్ ద అదర్ సెక్షన్స్. థాంక్స్.’

ఇందులో మన తెలుగు ఎక్కడుందంటారా? అంతా అదే. ‘కాస్త చూస్తారా’లోని ‘కాస్త’ ఊరికే మాటగా కాకుండా నిజమైంది. ఎనిమిది పేజీలు రెండు సెక్షన్లయ్యాయి. ఆయనకి సంబంధించినవేవో మనమే ఏరిపెట్టాం. ఆ ఏరడానికి మనకి పదిహేను నిమిషాలు పట్టి ఉంటుంది, ఆయనకి గంట మిగిలింది. ‘మీ అమూల్యమైన సమయం’ అని రాసేకంటే ఆ గంట మిగల్చడమే గౌరవం. ‘వీలు చూసుకుని’ అన్నది చివరి వాక్యమైంది. గురువారం కుదరకపోతే ఏం చేస్తామో చెప్పాం కాబట్టి ఆయన ఇబ్బంది పడకుండా కాదనగలడు. ‘చెప్తారా’ అన్న ప్రశ్న ‘కుడ్ యూ’ అయింది. ‘శుక్రవారం మొదలుపెట్టాలండి’ అన్న కారణం అలాగే వచ్చింది, ‘అండి’ ఒక్కటీ తప్ప.

ఈఓడీ అన్న మూడక్షరాలు ఎందుకు పోయాయో చెప్పాలి. ఎవరి రోజు? వేసవిలో ఒహాయో మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనకుంటుంది, చలికాలంలో పదిన్నర. మన సాయంత్రం ఆరంటే వేసవిలో ఆయనకి పొద్దున ఎనిమిదిన్నర, అప్పుడే కాఫీ కప్పు చేతిలోకి వచ్చే వేళ. ఆయన గడియారంలో మధ్యాహ్నం పన్నెండంటే మనకి రాత్రి తొమ్మిదిన్నర. జవాబు రాత్రికొచ్చినా మర్నాడు పొద్దున్నే పని మొదలవుతుంది. ఆ లెక్క మనం వేసి పెట్టి ‘యువర్ టైమ్’ అన్న రెండు మాటలు చేర్చాం. పది ‘రెస్పెక్టెడ్’లు కలిపినా ఆ రెండు మాటలకి సరిపోవు.

‘రివర్ట్ బ్యాక్’ కూడా పోయింది. మన దేశంలో దానికి జవాబివ్వమని అర్థం, అందరికీ తెలుసు. సాఫ్ట్‌వేర్ మనిషికి మాత్రం `git revert` గుర్తొస్తుంది. చేసిన మార్పుని వెనక్కి తీసేయమని. డిజైన్ పంపి, చూసి రివర్ట్ చెయ్యమంటే, బాగా లేదేమో తీసేయమంటున్నారా అని ఆయన ఒక క్షణం ఆగుతాడు. ‘ఒకసారి’ కూడా జాగ్రత్త. తెలుగులో ‘ఒకసారి చూడండి’ అంటే మెత్తగా అడగడం. ‘ప్లీజ్ చెక్ వన్స్’ అంటే ఒక్కసారే చూడు, రెండోసారి చూడకు అన్నట్టుంటుంది. దాన్ని పూర్తిగా వదిలేయాలి. ఆ మెత్తదనం ‘కుడ్ యూ’లో ముందే వచ్చేసింది.

ఇక్కడ మీరొక మెలిక పెట్టొచ్చు. ‘ఆ తప్పుకునే దారి ఇస్తే నిజంగానే తప్పుకుంటాడు కదండీ?’ అని. ఒక్కోసారి తప్పుకుంటాడు. అందుకే దారి ఉన్నప్పుడే ఇవ్వాలి. గురువారం దాటితే ఆడిట్ గడువు పోతుందనుకోండి, అప్పుడు ‘ఇఫ్ ఇట్ ఈజ్ టూ టైట్’ అనడం మర్యాద కాదు, అబద్ధం. ‘ఐ నో దిస్ ఈజ్ షార్ట్ నోటీస్. ద ఆడిటర్స్ నీడ్ ఇట్ ఆన్ ఫ్రైడే, అండ్ వుయ్ కెనాట్ మూవ్ ద డేట్’ అని రాయాలి. బరువు ఎక్కువని ఒప్పుకుంటున్నాం, ఎందుకు తగ్గించలేమో చెప్తున్నాం. దానికి ‘ఎక్స్‌ట్రీమ్లీ సారీ’లు మూడు అతికించనక్కర్లేదు. తప్పు మనదైతే ఒక్క ‘ఐ యామ్ సారీ’, వెంటనే ఏం సరిచేశామో, ఎప్పటికి సరవుతుందో. రెండో ‘సారీ’ నుంచి చదివేవాడికి ఇంకో పని పడుతుంది, మనల్ని ఓదార్చే పని.

పిలుపు సంగతికొద్దాం. ‘మైకేల్ గారు’ అనబోయి ‘మిస్టర్ మైకేల్’ అని రాస్తాం. వాళ్ల పద్ధతిలో మిస్టర్ ఇంటిపేరు ముందే వస్తుంది. అసలు పేరు ముందు పెడితే చిన్నపిల్లలు బళ్లో టీచర్ని పిలిచినట్టుంటుంది. ‘హాయ్ సర్’ అయితే ఒక కాలు ఇటూ ఒక కాలు అటూ. ఆడవాళ్లకి ‘డియర్ సర్’ అని వెళ్లిన మెయిళ్లు నేను చూశాను, అందులో ఒకటి పొగడ్తలతో నిండి ఉంది. ఆ పొగడ్తలన్నీ మొదటి మాటతోనే గంగలో కలిశాయి. నేను చెప్పే సలహా చాలా చిన్నది. ఆయన తన మెయిల్ చివర ఏమని సంతకం పెట్టాడో చూడండి. మైక్ అని పెడితే ‘హాయ్ మైక్’. మీరు ఇరవై ఏళ్లు చిన్నవాళ్లయినా సరే. అది ఆయనే ఇచ్చిన అనుమతి, దాన్ని తీసుకోకపోతే ఆయనే మొహమాటపడతాడు. డాక్టర్ ఫలానా అని పూర్తి పేరు పెడితే మీరూ అలాగే పిలవండి. మొదటిసారి రాస్తూ ఏమీ తెలియకపోతే ‘డియర్’ పెట్టి పూర్తి పేరు రాయండి, అది ఎక్కడా తప్పుకాదు. పేరులో అక్షరాలు తప్పు లేకుండా రాయడం మాత్రం అన్నింటికంటే ముందు. ‘రెస్పెక్టెడ్’ అని రాసి పేరు తప్పు రాసేవాళ్లని మీరూ చూసే ఉంటారు.

అయితే విజయవాడలో ప్రభుత్వ బ్యాంకు మేనేజరుకో, హైదరాబాద్లో సెక్రటేరియట్ అధికారికో రాసేటప్పుడు ‘రెస్పెక్టెడ్ సర్’ తీసేయమని నేననను. అక్కడ అది పద్ధతి, ఎవరూ దాన్ని పొగడ్తగా చదవరు. లేకపోతేనే లోటుగా కనిపిస్తుంది. ఏ ఊళ్లో ఆ ఊరి మాట.

పొగడ్త గురించి కొంచెం వివరంగా మాట్లాడాలి, ఎందుకంటే ఇందులోనే మనవాళ్లని ఎక్కువగా అపార్థం చేసుకుంటారు. ‘అంతా మీ చలవే సార్’ అనడం మన దగ్గర మామూలు సంస్కారం. పని పూర్తయితే ఘనత పెద్దవాళ్లకి అప్పగించేస్తాం, ఆయనా ‘నాదేముందయ్యా’ అంటారు, ఇద్దరికీ లోపల తెలుసు. ఇంగ్లీషులో ‘అండర్ యువర్ ఏబుల్ గైడెన్స్’ అంటే ‘నాదేముంది’ అనే రెండో పాత్ర అక్కడ ఉండదు. ఒంటరి నాటకమైపోతుంది. పైగా చదివేవాడు అక్షరాలా తీసుకుంటే, పని తనే చేయించానని నమ్మి, మీ పేరు మర్చిపోతాడు. రెండూ నష్టమే.

దాని బదులు ఆయన చేసిన పని ఏదో దాని పేరు పెట్టి చెప్పండి. ‘ద ఇండెక్స్ యూ సజెస్టెడ్ లాస్ట్ వీక్ వర్క్‌డ్. ద నైట్లీ జాబ్ నౌ టేక్స్ సిక్స్ మినిట్స్ ఇన్‌స్టెడ్ ఆఫ్ ఫార్టీ.’ రెండే వాక్యాలు. ఆయన గొప్పవాడని ఎక్కడా అనలేదు. ఆయన ఇచ్చిన సలహా వాడాం, ఫలితం ఇదీ అని చెప్పాం. ఇండెక్స్ పెట్టింది మన కుర్రాళ్లేనన్న సంగతీ తెలుస్తూనే ఉంది. ఇది ఎంత చెప్పినా భజన కాదు, ఎందుకంటే ఆయనకి కాక ఇంకెవరికీ దీన్ని పంపలేం. నేను పరీక్ష పెట్టేది ఇలాగే. ఈ మెచ్చుకోలు మాట పేరు మార్చి వేరే బాస్‌కి పంపితే అతుకుతుందా? అతికితే అది పొగడ్త, కొట్టెయ్యండి. ఇంకోటి, మెచ్చుకోలు మెయిల్లో ఆయన బాస్‌ని కాపీలో పెట్టే ముందు రెండుసార్లు ఆలోచించండి. ఆయన ప్రమోషనుకి అవసరమై పెడితే మంచిదే. మనల్ని చూడమని పెడితే అందరికీ తెలిసిపోతుంది.

ఇక కాదనడం. అన్నింటిలోకీ కష్టం ఇదే. పెద్దాయన శుక్రవారం రిలీజ్ చేద్దామంటాడు. మనకి కుదరదని తెలుసు. తెలుగులో ‘చూద్దాం సార్’ అంటాం. ‘ట్రై చేస్తాను సార్’ అంటాం. మన బాసుకి ఆ సాగదీతలోనే అర్థమైపోతుంది, కుదరదని. మెయిల్లో ‘ష్యూర్ సర్, వుయ్ విల్ ట్రై అవర్ లెవెల్ బెస్ట్’ అని రాస్తే అవతల అది సరేనన్న మాట. శుక్రవారం రిలీజ్ కానప్పుడు, వీడు ఒప్పుకుని చెయ్యలేదు అంటారు. మనమేమో ముందే చెప్పామనుకుంటాం. ఈ ఒక్క అపార్థం వల్ల చెడిన పేర్లు ‘రెస్పెక్టెడ్ సర్’ల వల్ల చెడిన వాటికంటే ఎక్కువ.

కానీ తెలుగులో మర్యాదగా కాదనడానికి ఇంకో మంచి దారి కూడా ఉంది. ‘మీరన్నది నిజమే సార్, కాకపోతే…’ ఇది బాగా దాటుతుంది, ఒక చిన్న మార్పుతో. ఊరికే నిజమే అనకుండా ఏది నిజమో చెప్పాలి. ‘ఐ సీ వై ఫ్రైడే మ్యాటర్స్, ద సేల్స్ టీమ్ హాజ్ ఎ డెమో ఆన్ మండే. మై వర్రీ ఈజ్ ద పేమెంట్ టెస్ట్స్. దే నీడ్ టూ మోర్ డేస్. వుయ్ కెన్ రిలీజ్ ఎవ్రీథింగ్ ఎక్సెప్ట్ పేమెంట్స్ ఆన్ ఫ్రైడే, ఆర్ ఎవ్రీథింగ్ ఆన్ ట్యూస్‌డే. విచ్ వుడ్ యూ ప్రిఫర్?’ మొదటి వాక్యం ఆయన మాటకి విలువిచ్చింది. రెండోది ఆయన తప్పనలేదు, నా భయం ఇదీ అంది. చివరిది నిర్ణయం ఆయన చేతిలోనే ఉంచింది. పెద్దరికం అలాగే ఉంది, నిజమూ చెప్పాం. ఇందులో ‘విత్ డ్యూ రెస్పెక్ట్’ మాత్రం పెట్టకండి. మనకది నమస్కారంలా వినిపిస్తుంది గానీ, ఇంగ్లీషువాడికి అది దెబ్బలాటకి ముందు చొక్కా చేతులు మడవడం.

జవాబు రాకపోతే పంపే ‘జెంటిల్ రిమైండర్’ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మెత్తని వాడినని ఎవరైనా పేరులోనే రాసుకుంటే అనుమానమే వస్తుంది. ‘ఎనీ థాట్స్ ఆన్ సెక్షన్ 3? ఐ విల్ గో విత్ ఆప్షన్ ఎ ఆన్ వెడ్నెస్‌డే అన్‌లెస్ యూ సీ ఎ ప్రాబ్లమ్’ అని రాస్తే ఆయన జవాబివ్వకపోయినా పని నడుస్తుంది. కాకపోతే అలా నడిపించే అధికారం మనకుంటేనే. డబ్బు ఖర్చుకో, కస్టమర్ డేటాకో అనుమతి కావాలంటే మౌనాన్ని అంగీకారంగా తీసుకోకూడదు. ఫోన్ చెయ్యడమే.

చివరగా ఒక చిక్కుముడి మిగిలింది, ఇది నన్ను చాలామంది అడిగారు. అవతల ఉన్నది మన తెలుగాయనే అయితే? డాలస్‌లో మేనేజరు, ఊరు తెనాలి, వయసులో పెద్ద. ‘హాయ్ శ్రీనివాస్’ అని రాయడానికి చెయ్యి రాదు. ‘శ్రీనివాస్ గారు’ అని ఇంగ్లీషు మెయిల్లో రాయొచ్చా? ఆయనకి ఒక్కడికే వెళ్లే మెయిలైతే నిక్షేపంగా రాయండి. ఎంతోమంది రాస్తున్నారు, ఆయనకీ హాయిగా ఉంటుంది. కానీ అదే మెయిల్లో మైక్, లిండా కూడా ఉన్నప్పుడు ‘హాయ్ శ్రీనివాస్ గారు, మైక్ అండ్ లిండా’ అని రాశారనుకోండి. ‘గారు’ అంటే ఏమిటని లిండా ఆయన్నే అడుగుతుంది. గౌరవ వాచకమని చెప్పగానే, మరి మాకెందుకు లేదని నవ్వుతూనే అడుగుతుంది. పాపం ఆయన ఏం చెప్తాడు? పైగా ఆ గుంపులో ఆయనే మీ మనిషని అందరికీ చాటినట్టు. రేపు మీ పనిని ఆయన మెచ్చుకున్నా దానికి విలువ తగ్గుతుంది. నలుగురికీ వెళ్లే మెయిల్లో నలుగురికీ ఒకే పిలుపు ఉండాలి. ‘గారు’ అనకపోతే మనసొప్పదంటారా, ఆయనకి ఫోన్ చేసి మాట్లాడేటప్పుడు కడుపునిండా అనండి.